ప్రమాద నివేదికలో నింద, ఊహ దూరే చోట్లు: సమస్య - పరిష్కారం

ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు దగ్గర ఒక హెల్పర్ చెయ్యి నలిగింది. గంటలోపు సిద్ధమైన చిత్తుప్రతి ఇలా ఉందనుకుందాం:

"హెల్పర్ నిర్లక్ష్యంగా గార్డు తీసేసి, నడుస్తున్న బెల్టులో చెయ్యి పెట్టడంతో ప్రమాదం జరిగింది. అత్యవసర తాడు కూడా పనిచేయలేదు. ఇకపై జాగ్రత్తగా ఉండాలని అందరికీ చెప్పాము."

రాసినవారికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. అయినా ఇందులో కళ్లతో చూసిన విషయం దాదాపు ఒక్కటీ లేదు. తప్పు ఎక్కడుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

సమస్య: నివేదిక చదవగానే దోషి ఎవరో తెలిసిపోతుంది, ఏం జరిగిందో మాత్రం తెలియదు

కారణం "నిర్లక్ష్యంగా" అనే మాట ఒక్కటే అనుకుని చాలామంది దాన్ని కొట్టేసి ఊరుకుంటారు. దానికంటే ఎక్కువ హాని చేసేవి క్రియలు. "తీసేసి" అన్నప్పుడు తీసింది హెల్పరే అని తేల్చేశాం. "చెయ్యి పెట్టడంతో" అన్నప్పుడు రెండు తీర్పులు ఇచ్చాం: కావాలనే పెట్టాడని, ప్రమాదానికి అదే కారణమని. తెలుగులో ఈ "-డంతో" చాలా సులువుగా కలం నుంచి జారుతుంది. "నూనె ఉండడంతో జారిపడ్డాడు", "లైటు లేకపోవడంతో తగిలింది" అని రాసేస్తాం. ఒకదాని తర్వాత ఒకటి జరిగిన రెండు విషయాలను అది కార్యకారణాలుగా ముడివేస్తుంది. "కాబట్టి", "అందువల్ల" కనీసం బయటికి కనిపిస్తాయి. ఇది క్రియ చివర దాక్కుంటుంది.

పరిష్కారం: చేసిన పనిని చెప్పే క్రియను, కనిపించిన స్థితిని చెప్పే క్రియగా మార్చండి. "గార్డు తీసేశాడు" కాదు, "గార్డు దాని చోట లేదు, విడిగా ఉంది". ఆ తర్వాత ఆ స్థితిని దగ్గరికి వెళ్లి చూడండి. మన ఉదాహరణలో అలా చూస్తే ఇవి దొరికాయి: గార్డు, బెల్టు వెనక చివర తిరిగే టెయిల్ డ్రమ్ నుంచి 1.2 మీటర్ల దూరంలో గోడకు ఆనించి ఉంది. దాని లోపలి వైపు దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఫ్రేములోని 4 బోల్టు రంధ్రాలూ ఖాళీగా ఉన్నాయి, వాటిలోనూ దుమ్ము నిండి ఉంది. చుట్టుపక్కల బోల్టులు గానీ స్పానర్ గానీ కనబడలేదు.

ఈ వివరాలు చదివాక "హెల్పర్ తీసేశాడు" అన్న వాక్యం నిలబడదు. అలాగని "గార్డు చాలా రోజులుగా లేదు" అని రాయకూడదు. అదీ ఊహే. దుమ్ము ఉందని రాసి, ఫొటో జతచేసి, ఆగిపోవాలి. ఫొటోలో గార్డు పక్కన కొలత టేపు పెడితే దూరం మీద తర్వాత వాదన ఉండదు.

నిబంధన ప్రస్తావన తప్పదనుకుంటే "నిబంధన పాటించలేదు" అనకుండా రెండు వేర్వేరు వాక్యాలు రాయండి. "శుభ్రం చేసే విధానంలో 3వ అంశం ప్రకారం మోటారుకు విద్యుత్ ఆపే ఐసోలేటర్ ఆపి తాళం వేయాలి. 4:58కి షిఫ్ట్ ఇన్‌ఛార్జి చూసినప్పుడు ఐసోలేటర్ ఆన్‌లో ఉంది, తాళం లేదు." ఇక్కడ 4:58 అన్నది ముఖ్యం. ప్రమాదానికి, ఈ పరిశీలనకు మధ్య ఎవరైనా ముట్టుకుని ఉండవచ్చు. సమయం రాస్తే ఆ సందు చదివేవారికి కనిపిస్తుంది.

సమస్య: సాక్షి చెప్పింది, రాసినవారు నమ్మింది కలిసిపోయాయి

కంట్రోల్ రూములోని ఆపరేటర్‌ను అడిగిన తర్వాత చిత్తుప్రతిలో ఒక వాక్యం చేరింది: "హెల్పర్ సరే అన్నాక ఆపరేటర్ బెల్టు నడిపాడు." ఆపరేటర్ నిజంగా అన్న మాటలు ఇవి: "రేడియోలో 'సరే' అని వినిపించింది. స్టార్ట్ నొక్కాను." ఆ గొంతు ఎవరిదో ఆయన చెప్పలేదు. రాసినవారు పూరించారు.

మాట్లాడేటప్పుడు విన్న సంగతికి "అట" చేరుస్తాం. "వాడు సరే అన్నాడట" అంటే నేను వినలేదని అర్థం. నివేదిక భాషలోకి రాగానే ఆ "అట" మర్యాద కోసం రాలిపోతుంది, దానితో పాటు సమాచారం ఎక్కడినుంచి వచ్చిందన్నదీ పోతుంది.

దాని స్థానంలో పూర్తి ఆధారం పెట్టండి: ఎవరు, ఎక్కడ నిలబడి, ఏం చూశారు లేదా విన్నారు, వారి మాటల్లోనే. "ఆపరేటర్ కంట్రోల్ రూములో ఉన్నారు. అక్కడి నుంచి టెయిల్ డ్రమ్ కనబడదు (మేము నిలబడి చూశాం)." సాక్షులను విడివిడిగా అడగాలి. "హెల్పర్ సరే అనడం విన్నారా?" అని జవాబు అందించే ప్రశ్న వద్దు. "బెల్టు నడపడానికి ముందు ఏం జరిగింది?" అంటే చాలు. గాయపడిన మనిషి మాట ఇంకా వినకపోతే, "ఆయన వాంగ్మూలం తీసుకోలేదు, ఆసుపత్రిలో ఉన్నారు" అని రాయండి. ఆయన మౌనాన్ని ఇతరుల మాటలతో నింపడం ఆయనకు చేసే అన్యాయం.

సమస్య: సమయాలు పొసగడం లేదు

కెమెరా రికార్డులో చెయ్యి చిక్కుకున్నది 4:52కి. ప్రథమ చికిత్స రిజిస్టరులో చికిత్స మొదలైంది 4:50కి. గాయానికి ముందే కట్టు కట్టినట్టుంది. ఎవరో అబద్ధం చెబుతున్నారని అనుమానించే ముందు గడియారాలు చూడండి. అన్నింటినీ ఒకే క్షణంలో ఒకే ఫోనుతో పోల్చాలి. ఇక్కడ కెమెరా 7 నిమిషాలు ముందుంది, మిగతావి సరిగా ఉన్నాయి. నివేదికలో "కెమెరాలో 4:52, సవరించాక 4:45" అని రెండూ ఉంచండి.

సమస్య: "పనిచేయలేదు" అన్నదానికి ఆధారం లేదు

అత్యవసర తాడు లాగితే స్విచ్ మారి బెల్టు ఆగాలి. దాన్ని లాగారా? లాగితే ఎవరు? స్విచ్ మారలేదా, మారినా బెల్టు ఆగలేదా? ఒక్క మాట వీటన్నింటినీ మూసేసింది. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయాలి, ఎందుకంటే పరీక్షించడానికి లాగగానే తాడు బిగువు మారిపోతుంది. ఆ తర్వాతే, మోటారుకు విద్యుత్ ఆపి తాళం వేశాక, ఎలక్ట్రీషియన్ పరీక్షించాలి.

ఇన్ని సవరణల తర్వాత అదే నివేదిక:

"4:44కి కంట్రోల్ రూము నుంచి బెల్టు స్టార్ట్ అయింది (ప్యానెల్ రికార్డు). 4:45కి హెల్పర్ కుడి చెయ్యి బెల్టుకు, టెయిల్ డ్రమ్‌కు మధ్య చిక్కుకుంది (కెమెరా, సవరించిన సమయం). ఆ సమయంలో డ్రమ్‌కు గార్డు లేదు (కెమెరా). తాడును రెండుసార్లు లాగానని పక్కనున్న కార్మికుడు చెప్పారు. కెమెరాలో ఆ చోటు కనబడదు. 4:50కి ప్రథమ చికిత్స మొదలైంది (రిజిస్టరు). 5:00కి ఐసోలేటర్ ఆపి తాళం వేశారు. 6:20కి పరీక్షలో తాడును 3 సార్లు లాగగా స్విచ్ ఒక్కసారీ మారలేదు.

ఇంకా తెలియనివి: గార్డు ఎప్పుడు, ఎవరు తీశారు, రేడియోలో 'సరే' అన్నది ఎవరు, స్విచ్ ఎందుకు మారలేదు."

"జాగ్రత్తగా ఉండాలి" అన్న వాక్యం పోయింది. ప్రమాదం ఎందుకు జరిగిందో ఈ నివేదిక చెప్పదు, చెప్పకూడదు కూడా. అది తర్వాతి విచారణ పని, వేరే విభాగంలో ఉండాలి. కొత్త సంగతి తెలిసినప్పుడు పాత వాక్యాన్ని చెరపకుండా, తేదీ, సమయం, సంతకంతో కింద అనుబంధంగా చేర్చండి.