వాయిస్ నోట్ పంపితే ఇంట్లోవాళ్ళు కంగారు పడిపోతున్నారా? ముందు మొదటి పది సెకన్లు మీరు వినండి

వాట్సాప్‌లో వాయిస్ ఎలా రికార్డ్ చేయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను, అది చెప్పను. ఆపరేషన్, పరీక్షా ఫలితం, కడుపుతో ఉన్నామన్న కబురు, విడాకుల నిర్ణయం లాంటివి ఇంట్లోవాళ్ళకి చెప్పేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుందో మాత్రం చెప్తాను. మా ఇంట్లోనూ చుట్టాల్లోనూ ఇలాంటివి చాలా సర్దిచెప్పాను. దాదాపు ప్రతిసారీ వదిలేసిన పని ఒకటే: పంపే ముందు తమ వాయిస్ తాము ఒక్కసారి కూడా వినకపోవడం.

సమస్య: మంచి వార్తే పంపాను, అవతలివాళ్ళు ఏడుస్తూ ఫోన్ చేశారు

దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేనే దెబ్బతిన్నాను.

నాన్నకి గుండె ఆపరేషన్. ఐదు గంటలు బయట కూర్చున్నాక డాక్టర్ వచ్చి బాగా జరిగిందని చెప్పారు. నేను వరండా చివరికి వెళ్ళి అక్కకి వాయిస్ పెట్టాను, నిమిషం నలభై సెకన్లు. "అక్కా..." అన్నాను, అంతే, గొంతు పూడుకుపోయింది. ఏడెనిమిది సెకన్లు ఏమీ లేదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు తప్ప. తర్వాత పొద్దున్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పుకుంటూ వచ్చాను, లోపలికి ఎప్పుడు తీసుకెళ్ళారు, మధ్యలో నర్సు ఎందుకు వచ్చింది, రక్తం ఎవరిచ్చారు. "బానే ఉన్నారే" అన్న మాట దాదాపు నిమిషం దాటాక వచ్చింది. అక్క అక్కడిదాకా విననే లేదు. అమ్మ పక్కనే ఉండగా స్పీకర్‌లో పెట్టింది, ఆ "అక్కా..." తర్వాతి ఏడుపు వినగానే అమ్మ నేల మీద కూలబడిపోయిందట, అక్క దాన్ని ఆపేసి నాకు ఫోన్ మీద ఫోన్. హాస్పిటల్ కదా అని నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. నేను చూసుకునేసరికి ఇరవై నిమిషాలు, పన్నెండు మిస్డ్ కాల్స్. ఆ ఇరవై నిమిషాలు నాన్న లేరనే అనుకుంది మా అమ్మ.

కారణం ఇదీ. వాయిస్‌లో మాటకంటే ముందు గొంతు చేరుతుంది. పైగా గండం గడిచాక వచ్చే ఏడుపూ, మనిషి పోయినప్పుడు వచ్చే ఏడుపూ మొదటి కొన్ని సెకన్లలో వినడానికి ఒకేలా ఉంటాయి. పంపేవాడికి విషయం ముందే తెలుసు కాబట్టి ఆ తేడా వాడికి వినిపిస్తుంది, వినేవాళ్ళకి వినిపించదు. టైప్ చేసిన మెసేజ్‌లో ఈ ఇబ్బంది లేదు, కన్ను ఒక్కసారిగా మొత్తం వాక్యం మీద పడుతుంది, చివరి మాట కూడా క్షణంలో కనిపించేస్తుంది. వాయిస్‌ని అలా ఒక్క చూపులో చూడలేం. నోటిఫికేషన్‌లో కనిపించేది కూడా మైక్ బొమ్మ, ఎంతసేపు ఉందో ఆ అంకె, అంతే. ఆపరేషన్ రోజున ఆ బొమ్మ చూడగానే చేతులు వణుకుతాయి.

పరిష్కారం: రెండూ పంపండి, కానీ టైప్ చేసింది ముందు. ఒక్క లైను, అందులో ఫలితం మొదట్లోనే ఉండాలి.

"నాన్న బాగున్నారు, ఆపరేషన్ అయిపోయింది. వాయిస్ పెడుతున్నా, నా గొంతు విని భయపడకు."

ఇది పంపాక మీరు ఎంత ఏడ్చుకుంటూ చెప్పినా ఫర్వాలేదు, ఆ ఏడుపు ఇప్పుడు వాళ్ళకి సంతోషంగానే వినిపిస్తుంది. "అర్జెంట్, వాయిస్ విను" అని మాత్రం రాయకండి, అది ఏమీ రాయకపోవడం కన్నా ఘోరం.

టైప్ చేసే ఓపిక కూడా లేదు, చేతులు ఆడటం లేదు అంటే వాయిస్‌లోనే మొదటి వాక్యంగా ఫలితం చెప్పండి, పిలుపు కూడా తర్వాతే. "నాన్న బాగున్నారు అక్కా" అనండి, "అక్కా..." అని ఆగకండి. మైక్ గుర్తు నొక్కిపట్టి పైకి జరిపితే రికార్డింగ్ లాక్ అవుతుంది, అప్పుడు మధ్యలో ఆపి, పంపకముందే వినొచ్చు. మొత్తం వినక్కర్లేదు, మొదటి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లలో విషయం తేలకపోతే తీసేసి మళ్ళీ చెప్పండి. పది మందిలో తొమ్మిది మంది వదిలేసేది ఈ పది సెకన్లనే.

సమస్య: టైప్ చేసి చెప్పాను, "ఇంత పెద్ద విషయం ఇలాగా చెప్పేది" అని నొచ్చుకున్నారు

కారణం: మీరు కబురైతే పంపారు, మీరెలా ఉన్నారో అందులో లేదు. "మేం విడిపోతున్నాం. కోర్టులో వేశాం." అని చదివిన అమ్మకి మీరు ఏడుస్తున్నారో, కుదుటపడ్డారో, కోపంగా ఉన్నారో ఏం తెలుస్తుంది? తనకి తోచింది ఊహించుకుంటుంది, ఆ ఊహ ఎప్పుడూ అసలుకంటే పెద్దగానే ఉంటుంది.

ఇక్కడ వాయిస్‌దే పైచేయి. నిమిషం లోపు, మామూలుగా మాట్లాడే గొంతుతో, "నేను బానే ఉన్నానమ్మా, తిన్నాను, పడుకుంటున్నాను" అన్న మాట ఉండేలా. తేదీలు, వార్డు నంబరు, డబ్బు లెక్క లాంటివి మాత్రం వాయిస్‌లో పెట్టకండి, విడిగా టైప్ చేయండి. వార్డు నంబరు కోసం మూడు నిమిషాల ఏడుపుని ఎవరూ వెనక్కి జరుపుకుంటూ వినలేరు, విననివ్వకూడదు కూడా.

కడుపుతో ఉన్నామన్న కబురుకి ఎప్పుడూ వాయిసే. ఒకావిడ కూతురు పంపిన పదకొండు సెకన్ల వాయిస్‌ని ఫోన్ మార్చినప్పుడు కూడా పోకుండా దాచుకోవడం నేను చూశాను. టైప్ చేసిన మెసేజ్‌ని అలా దాచుకున్నవాళ్ళు నాకు తగల్లేదు.

సమస్య: వినకూడనివాళ్ళు వినేశారు

కారణం: స్పీకర్. పెద్దవాళ్ళు చాలామంది ఫోన్ ఎదురుగా పెట్టుకునే వింటారు, గదిలో పిల్లలున్నారా, అత్తగారున్నారా అని చూసుకోరు. పైగా వరసగా రెండు మూడు వాయిస్‌లు పెడితే ఒకటి అవగానే తర్వాతిది దానంతట అదే మోగుతుంది. మొదటిది మామూలు కబురే అని ధైర్యంగా పెట్టుకుంటారు, రెండోదాంట్లో అసలు సంగతి బయటపడుతుంది.

పరిష్కారం: ముందు "ఒక్కదానివే ఉన్నప్పుడు, చెవి దగ్గర పెట్టుకుని విను" అని టైప్ చేయండి. వాట్సాప్‌లో ఫోన్ చెవికి ఆనిస్తే చిన్నగానే వినిపిస్తుంది. అసలు గుట్టుగా ఉండాల్సిందైతే రాసే పంపండి, అదీ మొదటి లైన్లో కాదు. చాలా ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద మొదటి లైను అందరికీ కనిపిస్తుంది.

మనిషి పోయిన కబురు

ఇది రెండింటిలో దేనితోనూ కాదు, ఫోన్ చేయండి. ఎత్తకపోతే వాళ్ళ పక్కనున్న మనిషికి చేసి, ఆ మనిషిని దగ్గర కూర్చోబెట్టి చెప్పించండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేది ఆ తర్వాతే, టైప్ చేసి, పేరు, ఎప్పుడు, ఎక్కడికి రావాలి అనేంతవరకే. గ్రూపులో వాయిస్ పెడితే సగం మంది వినరు, విన్నవాళ్ళు మిగతావాళ్ళకి తలోరకంగా చెప్తారు.

ఇక డౌన్‌లోడ్ కాలేదు, గాలి చప్పుడుకి వినపడలేదు, మైక్ పాడైంది లాంటివి చాలా అరుదు, మళ్ళీ పంపితే సరిపోతుంది. వినికిడి తక్కువున్నవాళ్ళకి రాయండి, చూపు తక్కువున్నవాళ్ళకి చెప్పండి. రెండూ తక్కువైతే పక్కింటివాళ్ళ నంబరు ఇప్పుడే తీసి పెట్టుకోండి.