నామినీ లేని నాన్న ఖాతాలోని సొమ్ము కోసం బ్యాంకుకు ఉత్తరం ఎలా రాయాలి?

నామినీ గానీ, ఒకరు పోతే మిగిలినవారికి చెల్లించాలన్న షరతుతో జాయింట్ ఖాతాదారు గానీ ఉంటే పని సులువు. క్లెయిం ఫారం, మరణ ధ్రువపత్రం, వాళ్ల గుర్తింపు పత్రం ఇస్తే చాలు. చిక్కంతా నామినీ లేని ఖాతాతోనే. గుంటూరులోని ఒక వాణిజ్య బ్యాంకులో చనిపోయిన తండ్రి పేరిట 4,60,000 రూపాయల సేవింగ్స్ ఖాతా ఉందనుకుందాం. వీలునామా లేదు, వారసుల మధ్య తగాదా లేదు. ఆయన భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, తల్లి ఉన్నారు. క్లెయిం చేసేది కొడుకు.

ముందు వారసులెవరో తేల్చుకోండి

దరఖాస్తు తిరిగొచ్చే ప్రమాదం ఇక్కడుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మగవారి ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. అంటే ఇక్కడ అయిదు వాటాలు, ఒక్కొక్కరికి 92,000. పెళ్లయిన కూతుళ్ల పేర్లు, నాయనమ్మ పేరు వదిలేసి ఉత్తరం రాస్తే, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంతో అది సరిపోలదు. తెలంగాణలో ఈ పత్రానికి మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయవచ్చు.

జత చేయాల్సిన కాగితాలు

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా ఉండే ఇలాంటి క్లెయిములకు కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తేవాల్సిన పనిలేదు. బయటి వ్యక్తి జామీను కూడా అడగకూడదు. మన ఉదాహరణకు కావలసినవి ఇవి: బ్యాంకు క్లెయిం ఫారం, మరణ ధ్రువపత్రం, కొడుకు గుర్తింపు, చిరునామా పత్రాలు, కుటుంబ సభ్యుల పత్రం, తర్వాత ఎవరైనా హక్కు అడిగితే బ్యాంకుకు కలిగే నష్టం భరిస్తానని కొడుకు సంతకం చేసిన ఇండెమ్నిటీ బాండ్, మిగతా నలుగురి నిరభ్యంతర పత్రాలు. కుటుంబ సభ్యుల పత్రం దొరక్కపోతే, ఆ కుటుంబాన్ని బాగా ఎరిగిన, వాళ్లతో సంబంధం లేని వ్యక్తి వాంగ్మూలం ఇవ్వవచ్చు. ఆ వ్యక్తి బ్యాంకుకు సమ్మతమై ఉండాలి.

నిరభ్యంతర పత్రాన్ని చదవకుండా సంతకం పెట్టించకండి. కొడుకు డబ్బు తీసుకోవడానికి మాత్రమే ఒప్పుకుంటున్నారా, వాటానే వదులుకుంటున్నారా అన్నది అందులోని మాటల మీద ఆధారపడుతుంది. విదేశంలో ఉన్న కూతురు సంతకాన్ని ఎవరి దగ్గర ధ్రువీకరించాలో ముందే బ్రాంచిలో అడగండి. మైనర్ వారసులుంటే వాళ్ల సంతకం చెల్లదు, ఆ సంగతి ఉత్తరంలోనే చెప్పాలి.

ఉత్తరం

ఫారం ఉండగా ఉత్తరం ఎందుకంటే, ఏ తేదీన ఏయే కాగితాలు ఇచ్చారో చూపే ఆధారం అదే.

> బ్రాంచి మేనేజరు గారికి,
>
> విషయం: మరణించిన ఖాతాదారు \_\_\_\_ గారి సేవింగ్స్ ఖాతా నెం. \_\_\_\_ లోని సొమ్ము చెల్లింపు.
>
> అయ్యా/అమ్మా,
>
> పై ఖాతాదారు మా తండ్రి. ఆయన \_\_\_\_ తేదీన మరణించారు (మరణ ధ్రువపత్రం నెం. \_\_\_\_). ఈ ఖాతాకు నామినీ లేరు. మాకు తెలిసినంతవరకు ఆయన వీలునామా రాయలేదు, వారసుల మధ్య వివాదం లేదు.
>
> ఆయన వారసులు: (ఒక్కొక్కరి పేరు, వయసు, బంధుత్వం).
>
> మిగతా వారసుల నిరభ్యంతరంతో, ఖాతాలోని మొత్తాన్ని చెల్లించే తేదీ దాకా వడ్డీతో కలిపి నా ఖాతా నెం. \_\_\_\_ కు జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఇంకా ఏ పత్రమైనా కావాలంటే రాతపూర్వకంగా తెలియజేయగలరు.
>
> జతపరచినవి: (వరుస సంఖ్యలతో)
>
> తేదీ, సంతకం, చిరునామా, ఫోను

మొత్తాన్ని అంకెల్లో రాయకపోవడమే మంచిది, వడ్డీ చేరుతూ ఉంటుంది కాబట్టి. తండ్రి పేరు పాసుబుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో, మరణ ధ్రువపత్రంలో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒక్కరేనని ఒక వాక్యం చేర్చి, రెండు రూపాలూ కలిపే ఆధార్ లాంటి పత్రం జతచేయండి.

ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదానిపై బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. అసలు పత్రాలు చూపించి, జిరాక్సులే ఇవ్వండి. బాండు, నిరభ్యంతర పత్రాలు మాత్రం అసలువే ఇవ్వాలి. బాండుకు ఎంత విలువ స్టాంపు పేపరు కావాలో బ్రాంచిలోనే కనుక్కోండి.

కావలసిన కాగితాలన్నీ అందిన నాటి నుంచి 15 రోజుల్లో బ్యాంకు చెల్లించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే, ఆ కాలానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’పై మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. కాగితం ఒక్కటి తగ్గినా ఈ లెక్క మొదలవదు. అందుకే లోపాలు రాతలో చెప్పమని ఉత్తరంలో అడిగాం. జవాబు రాకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో అక్కడా తేలకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఈలోగా నాన్న ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. మరణం తర్వాత కాలానికి పింఛను జమ అయి ఉంటే అది తిరిగి కట్టాల్సిందే, వారసుల వాటాలో లెక్కించకూడదు.