ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఉష్ణోగ్రత పెరిగి కనిపిస్తోందా? డాట్ బోర్డు మీద గ్రౌండ్ దారి సమస్య

లక్షణం

చెన్నైలోని ఒక గదిలో ఎల్‌ఎం35 సెన్సర్, ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్, 12 వోల్టుల చిన్న ఫ్యాన్ కలిపిన సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద 31 డిగ్రీలను నిలకడగా చూపేది. రిచీ స్ట్రీట్‌లో కొన్న డాట్ బోర్డు మీదికి అదే సర్క్యూట్‌ను మార్చి సోల్డర్ చేశాక, ఫ్యాన్ ఆన్ అయిన క్షణంలోనే రీడింగ్ 33కు ఎగబాకి, ఆఫ్ కాగానే తిరిగి 31కి దిగుతోంది. గాలి అంత వేగంగా వేడెక్కదు కాబట్టి ఈ తేడా వైరింగ్‌లోనిదే.

కారణం

ఎల్‌ఎం35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, అదీ తన సొంత గ్రౌండ్ కాలుతో పోల్చి మాత్రమే. మైక్రోకంట్రోలర్ మాత్రం దానిని తన గ్రౌండ్‌తో పోల్చి కొలుస్తుంది. బ్రెడ్‌బోర్డు మీద ఫ్యాన్ గ్రౌండ్ తీగ సప్లై దగ్గరే గుచ్చి ఉండేది; డాట్ బోర్డు మీద మాత్రం దగ్గరగా ఉందని దానిని సెన్సర్ గ్రౌండ్‌కు కలిపి, అక్కడి నుంచి 20 సెంటీమీటర్ల 30 గేజు తీగతో మైక్రోకంట్రోలర్ గ్రౌండ్‌కూ, దాని మీదుగా సప్లైకీ తీసుకెళ్లారు. ఆ తీగ నిరోధం సుమారు 0.07 ఓములు. ఫ్యాన్ తీసుకునే 0.3 ఆంపియర్లు అందులోంచి పారితే సెన్సర్ గ్రౌండ్ దాదాపు 20 మిల్లీవోల్టులు పైకి లేస్తుంది, అంటే సరిగ్గా 2 డిగ్రీలు.

నిర్ధారణ

మల్టీమీటర్‌ను 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబును మైక్రోకంట్రోలర్ గ్రౌండ్ అయిన 22వ పిన్నుకూ, ఎర్రదానిని ఎల్‌ఎం35 గ్రౌండ్ కాలికీ ఆనించండి. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు సున్నా దగ్గర ఉన్న విలువ, తిరుగుతున్నప్పుడు 20 చూపితే అనుమానం నిజమే. ఫ్యాన్‌ను ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్ సోర్సు నుంచి అడాప్టర్ జాక్ నెగటివ్‌కు ఒక లావు తీగను తాత్కాలికంగా పట్టి చూడటం ఇంకా నమ్మకమైన పరీక్ష, ఎందుకంటే రీడింగ్ వెంటనే దిగుతుంది. రీడింగ్ మారకుండా మైక్రోకంట్రోలరే రీసెట్ అవుతుంటే అది వేరే సమస్య. ముందు దాని 7, 8 పిన్నుల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందో లేదో చూడాలి.

పరిష్కారం

ఫ్యాన్ గ్రౌండ్‌ను సెన్సర్ నుంచి విడదీసి, లావు తీగతో నేరుగా జాక్ నెగటివ్‌కు తీసుకెళ్లాలి. సెన్సర్ గ్రౌండ్ 22వ పిన్నుకు మాత్రమే వెళ్లాలి. మైక్రోకంట్రోలర్ గ్రౌండ్ వేరే తీగతో అదే జాక్‌ను చేరాలి. తీగను లావు చేస్తే తేడా తగ్గుతుందే తప్ప పోదు, దారులు వేరు కావడమే అసలు మందు. అందుకే కొత్త బోర్డు మొదలుపెట్టేటప్పుడు జాక్‌ను, మాస్‌ఫెట్‌ను ఒక చివర, సెన్సర్‌ను మరో చివర పెట్టి, మిగతా తీగల కన్నా ముందుగా గ్రౌండ్ తీగలనే సోల్డర్ చేయడం మంచిదని నా అభిప్రాయం.

అచ్చు బోర్డు చేయించేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. 35 మైక్రాన్ల రాగి మీద 0.25 మిల్లీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న ట్రాక్ నిరోధం సుమారు 0.2 ఓములు, అదే ఫ్యాన్ కరెంటు దానిలో పారితే తేడా 6 డిగ్రీలకు చేరుతుంది. అడుగు పొరనంతా గ్రౌండ్ రాగితో నింపినా, అడ్డంగా వెళ్లే పొడవాటి ట్రాక్ ఆ రాగిని చీలిస్తే, కరెంటు మిగిలిన సన్నని మెడలోంచి సెన్సర్ పక్కగానే వెళ్లవచ్చు. కాబట్టి ఫైలు పంపే ముందు, ఫ్యాన్ కరెంటు జాక్‌కు తిరిగి వచ్చే దారిని వేలితో గీసి, అది సెన్సర్ కాలిని తాకడం లేదని చూసుకోండి.