మెల్టింగ్ పాయింట్ తగ్గితే ముందు తడిని అనుమానించండి

హన్మకొండ వైపు ల్యాబుల్లో ఎసిటనిలైడ్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. అది 114 డిగ్రీల దగ్గర కరగాలి. మీకు 106–112 వచ్చిందనుకోండి, వెంటనే మలినం ఉందని రికార్డులో రాసేయకండి. వేడినీళ్లలో రీక్రిస్టలైజ్ చేసినం కదా, తడి మిగిలినా రేంజ్ ఇట్లనే కిందికి జారి వెడల్పవుతుంది. వానాకాలంలో ఫిల్టర్ పేపర్ మీద రాత్రంతా పెట్టినా పూర్తిగా ఆరదు మరి!

కొంచెం పొడిని డెసికేటర్‌లో బాగా ఆరబెట్టి, కొత్త కేపిలరీలో నింపండి. 100 దాటినంక నిమిషానికి 1–2 డిగ్రీలే పెంచుతూ చూడండి. 113–114 వస్తే అది నీళ్ల పనే. అప్పటికీ కిందనే, వెడల్పుగానే ఉంటే మలినమే అనుకొని ఇంకోసారి రీక్రిస్టలైజ్ చేయండి.