క్యూల పాఠాలు – 4: ఒకే కౌంటర్, దీర్ఘకాలపు లెక్క

గత పాఠంలో రాకల మధ్య విరామమూ, సేవకు పట్టే సమయమూ ఘాతీయ విభాజనం పాటిస్తాయనుకున్నాం. ఇప్పుడు ఒకే గుమాస్తా ఉన్న టికెట్ కౌంటర్ తీసుకుందాం. ఒక్కో మనిషికి సగటున 3 నిమిషాలు పడుతుంది, అంటే గంటకు μ = 20. గంటకు λ = 18 మంది వస్తారు. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది: 3 నిమిషాలనే μగా వేసేస్తారు. μ అంటే వేగం, సమయం కాదు. రెండు రేట్లూ ఒకే కొలమానంలో ఉండాలి.

కౌంటర్ దగ్గర n మంది ఉన్న స్థితికీ, n+1 మంది ఉన్న స్థితికీ మధ్య ఒక గీత ఊహించండి. కొత్తవాళ్లు వస్తే లెక్క గీత దాటి పైకి పోతుంది, పని ముగిసి వెళితే కిందికి దిగుతుంది. ఎంతసేపు చూసినా ఎక్కిన సార్లకూ దిగిన సార్లకూ తేడా ఒకటి మించదు. కాబట్టి దీర్ఘకాలంలో ఆ రెండు రేట్లూ సమానం. కింద P(n) అంటే కౌంటర్ దగ్గర n మంది ఉండే సంభావ్యత, ρ అంటే గుమాస్తా పనిలో ఉండే సమయపు వంతు, L అంటే సగటున అక్కడ ఉండేవాళ్ల సంఖ్య, W అంటే ఒక్కొక్కరూ అక్కడ గడిపే సగటు సమయం:

```
λ·P(n) = μ·P(n+1)
ρ = λ/μ
P(n) = (1-ρ)·ρ^n
L = ρ/(1-ρ)
W = L/λ = 1/(μ-λ)
```

మన కౌంటర్‌కు ρ = 0.9. సగటున L = 9 మంది ఉంటారు, ఒక్కొక్కరూ అక్కడ గడిపేది 30 నిమిషాలు. అందులో సేవ 3 నిమిషాలే, మిగతా 27 నిలబడటానికే పోతాయి. వరుసలో వేచి ఉన్నవాళ్లు ఎంతమందంటే చాలామంది 9 – 1 = 8 అంటారు. కౌంటర్ పదింట ఒక వంతు సమయం ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు తీసేయడానికి మనిషే లేడు. తీసేయాల్సింది ρని. జవాబు 8.1.

గంటకు ఇంకొక్కరు ఎక్కువ వస్తే, అంటే λ = 19 అయితే, W 60 నిమిషాలకు చేరుతుంది. λ = 20 దగ్గర సూత్రమే పనిచేయదు. సగటున వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ సమానమే కదా అనిపిస్తుంది, కానీ ఖాళీగా గడిచిన నిమిషాలను గుమాస్తా తర్వాత పూడ్చుకోలేడు. వరుస ఏ సగటు దగ్గరా నిలవదు.

పుస్తకాలు తరచూ దాటేసే సంగతి ఒకటుంది. ఈ సగటుకు చేరడానికి పట్టే కాలం సుమారుగా 1/(√μ – √λ)² స్థాయిలో ఉంటుంది. λ = 12 అయితే అది దాదాపు ఒక గంట. λ = 18కి దాదాపు 19 గంటలు! పొద్దున ఖాళీగా తెరిచి 8 గంటల తర్వాత మూసే కౌంటర్ ఆ స్థితికి చేరకముందే తాళం పడుతుంది. రోజంతా లెక్కపెట్టి 9 కన్నా తక్కువ వచ్చిందని సూత్రాన్ని తప్పుపట్టకండి. ρ 1కి దగ్గరపడేకొద్దీ ముందు ఈ కాలాన్ని కట్టి, పనిగంటలతో పోల్చి, ఆ తర్వాతే Lను నమ్మాలి.

అభ్యాసం: λ = 18 గానే ఉంచి, సేవా సమయాన్ని రెండున్నర నిమిషాలకు తగ్గించి W కట్టండి. ఈ కొత్త కౌంటర్ 8 గంటల్లో నిలకడకు వస్తుందో లేదో కూడా చూడండి.