కమోడ్ తుప్పు మరకలు – పాఠం 3: గారలో దాగిన తుప్పు

క్రితం పాఠంలో వాష్ బేసిన్‌లో కుళాయి కింద పడిన ఎర్రచారను తీశాం. ఈసారి కమోడ్. పర్లాకిమిడిలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో బోరు నీళ్ళే వాడతారు. ఫ్లష్ ట్యాంక్ సన్నగా కారి కారి, గిన్నె వెనక గోడ మీద వేలెడు వెడల్పున గోధుమరంగు చార పడింది. పెద్దమ్మ రాత్రి బ్లీచింగ్ పౌడర్ చల్లి పడుకుంది. పొద్దున చూస్తే చార ఇంకా ముదిరింది.

బోరు నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము కంటికి కనబడదు. గాలి తగిలాక తుప్పుగా మారి అంటుకుంటుంది. బ్లీచింగ్ ఆ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. అందుకే తుప్పు మరక మీద దాన్ని అసలు వాడకండి.

చార మీద గ్లౌజు వేసుకున్న వేలితో రాసి చూశాను. గరుకుగా తగిలింది. అంటే ఉన్నది తుప్పు ఒక్కటే కాదు, సున్నపు గార కూడా. తుప్పు ఆ గార పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ఎంత తోమినా రాదు.

దీనికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గారను కరిగిస్తుంది, ఇనుమునూ పట్టి లాగుతుంది. కానీ ఆ రోజు మాత్రం ముట్టుకోలేదు. బ్లీచింగ్‌కి ఏ యాసిడ్ తగిలినా, నిమ్మ ఉప్పు అయినా సరే, క్లోరిన్ వాయువు వస్తుంది. బాత్‌రూమ్ లాంటి ఇరుకు చోట అది ప్రాణం మీదికి తెస్తుంది. నాలుగైదు సార్లు ఫ్లష్ చేసి, గిన్నె అంచు కింద కూడా కడిగి, మర్నాడు కిటికీ తెరిచి మొదలుపెట్టాను.

ముందు గిన్నెలో నిలిచిన నీళ్ళను పాత మగ్గుతో తోడేశాను. అవి ఉంటే మందు పలచబడిపోతుంది. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపాను. మరుగు నీళ్ళు పోయకండి, పింగాణీ పగలొచ్చు. నిటారు గోడ మీద పోసింది నిలవదు కదా! అందుకే పాత నూలు గుడ్డ పేలికలు అందులో ముంచి చార మీద అతికించాను. అతికించగానే సన్నగా బుడగలు వచ్చాయి, అంటే గార కరుగుతోందన్నమాట. అరగంటకోసారి గుడ్డలు తడుపుతూ రెండు గంటలు ఉంచాను. తీసేసరికి గుడ్డలు పసుపుపచ్చగా తిరిగాయి. నైలాన్ బ్రష్‌తో తోమితే పొర పెచ్చులుగా ఊడింది. మర్నాడు ఇంకోసారి చేస్తే చార పోయింది.

ఇనుప పీచు మాత్రం వద్దు. దాని ముక్కలు ఇరుక్కుని కొత్త తుప్పు పుట్టిస్తాయి, మెరుగు గీసుకుపోతుంది. పెద్దమ్మ కమోడ్‌లో ఒకచోట అలాగే మెరుగు అరిగి, పసుపు గీత ఒకటి మిగిలింది. అది ఇక పోదు.

ట్యాంక్ కారుతున్నంత కాలం చార మళ్ళీ పడుతుంది. ఆ వాషర్ మార్చడం వచ్చే పాఠంలో.