అదనపు కాలు ఎక్కడుందో ముందు చూడండి

డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలో, జన్యువు మారిన మ్యూటెంట్‌లో అదనపు కాళ్లు కనిపిస్తే, ఏ జన్యువో వెతికే ముందు ఆ కాలు ఎక్కడ మొలిచిందో చూడండి. తల మీదైతే మైక్రోస్కోపు కింద యాంటెన్నా చివర ఈకలాంటి నూగు ఉండదు, దాని స్థానంలో గోళ్లున్న కాలు ఉంటుంది. ఛాతీలో పనిచేయాల్సిన యాంటెన్నపీడియా జన్యువు తలలోనూ మేల్కొందన్నమాట. దాని రెండు కాపీల్లో ఒక్కటి మారినా చాలు.

పొట్ట మొదటి ఖండంలో నాలుగో జత కాళ్లుంటే కథ తలకిందులు. అక్కడ ఏదీ కొత్తగా చేరలేదు, అల్ట్రాబైథోరాక్స్ అనే జన్యువు పనే లోపించింది. మామూలుగా అది కాళ్లు మొలవడానికి కావాల్సిన డిస్టల్‌లెస్ అనే జన్యువును అణచి పొట్టకు కాళ్లు రాకుండా చూస్తుంది. ఏ ఖండం ఏ రూపం తీసుకోవాలో నిర్ణయించే ఇలాంటి జన్యువులనే హాక్స్ జన్యువులంటారు; వాటిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే: పొట్టకూ కాలు వేసే సత్తా ఉంది, ఆపేవాళ్లుండబట్టే వేయదు.